బీజగణితం వర్క్‌షీట్‌కు స్టెప్ మార్కులు: నాలుగు పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి?

ఒక్క లైన్‌లో జవాబు వచ్చే లెక్కను దిద్దడం తేలికే. తప్పో ఒప్పో చూసి మార్కు వేసేస్తాం. నాలుగైదు మెట్లున్న సమీకరణం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. ఒకరు మొదటి మెట్టులో గుర్తు తప్పి మిగతాదంతా చక్కగా చేసుకొస్తారు. ఇంకొకరు సగం దాకా ఒప్పుగా చేసి ఆగిపోతారు. ఇద్దరికీ ఎంతెంత వేయాలి? ఈ ప్రశ్నకు మనసులోనే జవాబు చెప్పుకుంటూ పోతే పదో పేపర్‌కి ఒక మాట, నలభయ్యో పేపర్‌కి ఇంకో మాట అయిపోతుంది. అందుకే దిద్దడం మొదలుపెట్టకముందే రూబ్రిక్, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే నియమాలు, రాసుకోవాలి. ఎలాంటి రూబ్రిక్ అన్నది ఇక్కడ తేల్చుకుందాం.

పోలికకు ఒకే లెక్క తీసుకుంటాను, నాలుగు మార్కులది.

5 − 2(3x − 4) = 4x − 7

సరైన దారి ఇది: 5 − 6x + 8 = 4x − 7, తర్వాత 13 − 6x = 4x − 7, తర్వాత 20 = 10x, చివరికి x = 2. సరిచూస్తే ఎడమ పక్షం 5 − 2(2) = 1, కుడి పక్షం 8 − 7 = 1.

ఇలాంటి లెక్కకు మామూలుగా వచ్చే జవాబులు నాలుగింటిని చూద్దాం. పేర్లు వద్దు, అక్షరాలతో పిలుచుకుందాం.

అ: 5 − 6x − 8 = 4x − 7; −3 − 6x = 4x − 7; 4 = 10x; x = 0.4. (−2ను −4తో గుణించినప్పుడు గుర్తు తప్పింది. మిగతాదంతా ఒప్పు.)

ఆ: 3(3x − 4) = 4x − 7; 9x − 12 = 4x − 7; 5x = 5; x = 1. (ముందు 5 లోంచి 2 తీసేశారు. గుణకారం ముందు చేయాలన్న సంగతే పట్టించుకోలేదు.)

ఇ: 5 − 6x + 8 = 4x − 7; 13 − 6x = 4x − 7; −6x + 4x = −7 − 13; −2x = −20; x = 10. (4x పక్షం మారినా దాని గుర్తు మారలేదు.)

ఈ: 5 − 6x + 8 = 4x − 7; 13 − 6x = 4x − 7. (అక్కడితో ఆపేశారు.)

ముందుకు చదివే ముందు మీకు తోచిన మార్కులు ఒక కాగితం మీద వేసుకుని చూడండి. మీ పక్కన దిద్దే టీచర్ చేత కూడా వేయించండి. కనీసం ఒక్క దాంట్లోనైనా తేడా వచ్చే అవకాశం ఎక్కువ. ఆ తేడా ఎక్కడ పుట్టిందో వెతికితే రూబ్రిక్ ఏం తేల్చాలో తెలుస్తుంది.

## లైన్‌కో మార్కు

అందరికీ ముందు తట్టేది ఇదే. కీలో నాలుగు లైన్లు ఉంటాయి, నాలుగు మార్కులు ఉంటాయి, లైన్‌కో మార్కు. కీతో కలిసిన లైన్‌కు మార్కు వేస్తాం, కలవనిదానికి వేయం. వేగంగా సాగుతుంది. విద్యార్థికి వివరించడం కూడా సులువే.

ఇప్పుడు అ జవాబు చూడండి. మొదటి లైన్ తప్పు. దాని వెనక వచ్చే ఏ లైనూ కీతో కలవదు, ఎందుకంటే తప్పు సంఖ్య చివరిదాకా వెంట వస్తుంది. కాబట్టి సున్నా. ఒక్క గుర్తు తప్పినందుకు నాలుగు మార్కులూ పోయాయి. ఈకి మాత్రం రెండు మార్కులు, సమీకరణం సాధించడం అన్న పని ఇంకా మొదలే కాకపోయినా. సమీకరణాలు సాధించడం ఎవరికి ఎక్కువ వచ్చు అని అడిగితే అకి అని ఎవరైనా చెబుతారు. మార్కులేమో తిరగబడి ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. లెక్క బాగా వచ్చినవాళ్లు రెండు మెట్లు కలిపి ఒకే లైన్‌లో రాస్తారు. సరాసరి 13 − 6x = 4x − 7 అని రాసినవాళ్లకు మొదటి లైన్ మార్కు ఇవ్వాలా వద్దా? ఇవ్వాలనే అందరూ అంటారు. కానీ అది కీలో రాసి ఉండదు కాబట్టి ఒకరు ఇస్తారు, ఇంకొకరు ఇవ్వరు.

అయినా ఈ పద్ధతికి ఒక చోటుంది. కొత్త పాఠం మొదటి వారంలో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు రాయాలో వర్క్‌షీట్‌లోనే ఖాళీలు ఇచ్చి నింపమన్నప్పుడు ఇది సరిపోతుంది. అక్కడ దారి మనమే వేశాం కాబట్టి లైన్లు అందరివీ ఒకేలా ఉంటాయి.

## పూర్తి మార్కుల్లోంచి కోత

ఇది దానికి తలకిందులు. నాలుగు నుంచి మొదలుపెట్టి తప్పుకు ఒకటి చొప్పున తీసేస్తాం. అకి మూడు, ఇకి మూడు. ఆకి కూడా మూడే, ఎందుకంటే అక్కడా జరిగిన తప్పు ఒకటే. ఇక ఈకి ఎంత? రాసిన రెండు లైన్లలో తప్పేమీ లేదు. కోయడానికి ఏమీ దొరకదు కాబట్టి రూబ్రిక్ మాట ప్రకారం నాలుగు మార్కులూ ఇవ్వాలి.

ఎవరూ అలా ఇవ్వరు. 'పూర్తి చేయలేదు కాబట్టి రెండు తీసేద్దాం' అని అక్కడికక్కడ ఒక నియమం పుట్టిస్తారు. ఆ నియమం ఇంకో చేతిలో మూడు అవుతుంది, మరో చేతిలో ఒకటి అవుతుంది. కోత పద్ధతి ఉన్న తప్పుల్ని చూస్తుంది, లేని పనిని చూడదు. పైగా ధైర్యంగా చివరిదాకా రాసినవాళ్లకు తప్పులు దొర్లే అవకాశం ఎక్కువ, కాబట్టి కోత కూడా వాళ్లకే ఎక్కువ. బీజగణితం వర్క్‌షీట్‌కు ఈ పద్ధతి వద్దని నా సలహా. దీన్ని సరిచేయాలని నియమాలు చేర్చుకుంటూ పోతే చివరికి కింద చెప్పే నాలుగో పద్ధతే తయారవుతుంది. ఆ మాత్రం దానికి మొదటే దాన్ని తీసుకోవచ్చు.

## స్థాయిల పట్టిక

జవాబు మొత్తాన్ని ఒకసారి చదివి ఏదో ఒక స్థాయిలో పెట్టడం మూడో పద్ధతి. నాలుగు అంటే అంతా ఒప్పు. మూడు అంటే పద్ధతి ఒప్పే, చిన్న పొరపాటు ఒకటి. రెండు అంటే సగం దారి ఒప్పు. ఒకటి అంటే అర్థమున్న మొదలు. ఏమీ లేకపోతే సున్నా.

దీని మంచి గుణం ఏమిటంటే, విద్యార్థి ఏ దారిలో వచ్చినా ఇమిడిపోతుంది. మాటల రూపంలో ఉండే లెక్కలకు, అంటే సమీకరణం రాయడమే సగం పని అయిన చోట, రకరకాల దారులు వస్తాయి. అక్కడ ఇది పనికొస్తుంది.

ఇబ్బంది మూడుకీ రెండుకీ మధ్య గీత దగ్గర. ఇ జవాబులో గుర్తు మారకపోవడం చిన్న పొరపాటా, పద్ధతి తెలియకపోవడమా? ఒకరికి అది చేయి జారడం, ఇంకొకరికి పక్షాంతరం రాకపోవడం. స్థాయి వివరణలో ఉన్న 'చిన్న' అన్న మాట దీన్ని తేల్చదు. ఈ పద్ధతి ఎంచుకుంటే ప్రతి స్థాయికీ ఒకటో రెండో నమూనా జవాబులు పక్కన పెట్టుకునే దిద్దాలి. నమూనాలు లేని స్థాయిల పట్టికతో ఇద్దరు దిద్దితే ఇద్దరివీ కలవవు.

రోజువారీ వర్క్‌షీట్‌కు దీన్నే మూడు స్థాయిలకు కుదిస్తే బాగుంటుంది. రెండు అంటే ఒప్పు, ఒకటి అంటే దారి ఒప్పు కానీ జవాబు తప్పు, సున్నా అంటే దారే తప్పు. గీతలు తగ్గితే గొడవలూ తగ్గుతాయి.

## పద్ధతికో మార్కు, ఫలితానికో మార్కు

కొన్ని పబ్లిక్ పరీక్షల వాల్యుయేషన్‌లో గణితానికి వాడే తీరు ఇది. లైన్లను లెక్కపెట్టడం మానేసి, ఈ లెక్కలో విద్యార్థి తీసుకోవాల్సిన నిర్ణయాలు ఎన్ని అని అడుగుతాం. మన లెక్కలో అసలు నిర్ణయాలు రెండే. ఒకటి, బ్రాకెట్‌ను −2తో విప్పాలి. రెండు, x పదాలను ఒక పక్కకీ సంఖ్యలను మరో పక్కకీ చేర్చాలి. ప్రతి నిర్ణయానికీ ఒక పద్ధతి మార్కు, దాన్ని ఒప్పుగా నెరవేర్చినందుకు ఒక ఫలితం మార్కు. మొత్తం నాలుగు.

పద్ధతి మార్కును ప అని, ఫలితం మార్కును ఫ అని రాసుకుందాం.

- ప1: −2తో బ్రాకెట్‌లోని రెండు పదాలనూ గుణించడం. గుర్తు తప్పినా ఈ మార్కు ఉంటుంది. ఒక్క పదాన్నే గుణిస్తే లేదు.
- ఫ1: 5 − 6x + 8 లేదా 13 − 6x. సరాసరి రెండోది రాసినా ప1, ఫ1 రెండూ ఇవ్వాలి.
- ప2: తన సమీకరణంలోనే x పదాలను ఒక పక్షానికీ సంఖ్యలను మరో పక్షానికీ చేర్చడం. పక్షం మారిన ప్రతి పదానికీ గుర్తు మారి ఉండాలి.
- ఫ2: x = 2, లేదా తన సమీకరణం నుంచి లెక్క తప్పకుండా వచ్చిన విలువ. ప2 రాకపోతే ఫ2 ఇవ్వకూడదు.

చివరి వాక్యం అన్ని లెక్కలకూ పనికొచ్చే నియమం. దారి తప్పాక ఆ దారిలో వచ్చిన ఫలితానికి మార్కు ఉండదు. అంటే ప ఉంటేనే దాని ఫ.

ఇప్పుడు మన నాలుగు జవాబులూ దిద్దుదాం. అకి ప1 వచ్చింది, ఫ1 పోయింది. తన సమీకరణం −3 − 6x = 4x − 7 నుంచి పదాలను ఒప్పుగా చేర్చారు కాబట్టి ప2 వచ్చింది, 4 = 10x నుంచి 0.4 రావడం ఒప్పే కాబట్టి ఫ2 కూడా వచ్చింది. మొత్తం మూడు. చేసిన తప్పు ఒకటి, పోయిన మార్కు ఒకటి. ఆకి మొదటి నిర్ణయమే తప్పింది కాబట్టి ప1, ఫ1 రెండూ లేవు. రెండో సగం బాగుంది, రెండు మార్కులు. ఇకి మొదటి సగం రెండు, రెండో సగం సున్నా. ఈకి కూడా రెండే, చేసిన పనికి తగ్గట్టు.

నాలుగు పద్ధతుల్లో వచ్చిన మార్కులు పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి. స్థాయిల పట్టికలో రెండు అంకెలున్న చోట దిద్దేవాళ్లను బట్టి మారుతుందని అర్థం.

| జవాబు | లైన్‌కో మార్కు | కోత | స్థాయిలు | పద్ధతి, ఫలితం |
|---|---|---|---|---|
| అ | 0 | 3 | 3 | 3 |
| ఆ | 0 | 3 | 1 లేదా 2 | 2 |
| ఇ | 2 | 3 | 2 లేదా 3 | 2 |
| ఈ | 2 | 4 | 2 | 2 |

చివరి మూడింటికీ రెండేసి మార్కులు వచ్చాయి, కానీ అందరికీ ఒకే చోట రాలేదు. అందుకే మొత్తం ఒక్కటే రాయకుండా జవాబు పక్కన నాలుగు అంకెలూ వరసగా రాయడం మంచిది. అకి 1011, ఆకి 0011, ఇకి 1100, ఈకి 1100. ఇ, ఈ ఇద్దరిదీ ఒకే వరస అయింది. ఒకరు తప్పు చేశారు, ఒకరు వదిలేశారు. ఆ తేడా కావాలనుకుంటే వదిలేసిన చోట సున్నాకు బదులు చిన్న గీత పెట్టుకుంటే సరిపోతుంది, 11−− అని.

### గుర్తు మారకపోవడం పద్ధతి తప్పా, లెక్క తప్పా?

ఈ రూబ్రిక్‌లో నేను గట్టిగా తీసుకున్న నిర్ణయం ఇదే. గుణకారంలో గుర్తు తప్పితే ఫ1 మాత్రమే తీసేశాను. పక్షం మారినప్పుడు గుర్తు తప్పితే ఏకంగా ప2 తీసేశాను, దాంతోపాటు ఫ2 కూడా పోయింది. రెండూ గుర్తు తప్పులే, అయినా ఒకటి కావు. పదాన్ని పక్షం మార్చడం అంటే రెండు పక్షాల నుంచీ దాన్ని తీసేయడం. గుర్తు మారకపోతే రెండు పక్షాలకూ ఒకే పని చేసినట్టు కాదు, సమీకరణమే మారిపోతుంది. ఆ వర్క్‌షీట్ నేర్పాలనుకున్నదే అది. అందుకని అది పద్ధతి.

మీ వర్క్‌షీట్ పాఠం వేరైతే మీరు వేరేలా నిర్ణయించవచ్చు. పక్షాంతరం పాత పాఠమై, భిన్నాలున్న సమీకరణాలు కొత్త పాఠమైతే, గుర్తు పొరపాటును ఫలితం కింద వేసి ప2 ఉంచేయవచ్చు. ఏదైనా ఫర్వాలేదు. దిద్దడం మొదలయ్యేలోపు అది కాగితం మీద ఉండాలి, ఆ బ్యాచ్ అయ్యేదాకా మారకూడదు.

### జవాబు చూసి మార్కు వేయకూడదనడానికి

ఆకి వచ్చిన విలువ x = 1. ఇంకొకరు ఇలా రాశారనుకోండి: 5 − 6x − 8 = 4x − 7; −3 − 6x = 4x − 7; −6x − 4x = −7 − 3; −10x = −10; x = 1. ఇక్కడా 1 వచ్చింది. కానీ ఇందులో తప్పులు రెండు, గుణకారంలో ఒక గుర్తు, −3 పక్షం మారినప్పుడు ఒక గుర్తు. వరస 1000, అంటే ఒక మార్కు. ఆకి రెండు వచ్చాయి. తప్పు జవాబుల జాబితా తయారుచేసుకుని 'x = 1 అయితే రెండు మార్కులు' అని వేసుకుంటూ పోతే ఇక్కడ దొరికిపోతాం. తొందరలో ఉన్నప్పుడు చాలామంది చేసే పనే ఇది.

## తప్పు వెంట వచ్చే మార్కు ఎక్కడ ఆగాలి

ముందు తప్పు చేసి, ఆ తప్పు సంఖ్యతోనే తర్వాతి పని ఒప్పుగా చేసినవాళ్లకు ఇచ్చే మార్కును కొనసాగింపు మార్కు అందాం. అకి వచ్చిన ఫ2 అలాంటిదే. ఈ పద్ధతికి బలం అదే, ప్రమాదమూ అదే. ఎడాపెడా ఇస్తే, తప్పు చేసి లెక్కను తేలిక చేసుకున్నవాళ్లు లాభపడతారు.

ఈ లెక్క చూడండి: (x − 2)(x − 3) = 12. విస్తరిస్తే x² − 5x + 6 = 12, అంటే x² − 5x − 6 = 0, అంటే (x − 6)(x + 1) = 0, కాబట్టి x = 6 లేదా −1. దీనికీ నాలుగు మార్కులే. ప1 విస్తరించి కుడి పక్షాన్ని సున్నా చేయడానికి, ఫ1 x² − 5x − 6 = 0కు, ప2 తన వర్గ సమీకరణాన్ని కారణాంకాలుగా విడగొట్టడానికో సూత్రం వాడడానికో, ఫ2 రెండు మూలాలకూ.

ఒక విద్యార్థి విస్తరించాడు కానీ 12ను మరిచిపోయి x² − 5x + 6 = 0 అని రాశాడు. దాన్ని (x − 2)(x − 3) = 0గా విడగొట్టి x = 2, 3 అన్నాడు. ప1, ఫ1 లేవు. కానీ అతని చేతిలో ఉన్నది మూడు పదాల వర్గ సమీకరణమే, దాన్ని సాధించడానికి చేయాల్సిన పనంతా చేశాడు. ప2, ఫ2 ఇవ్వాలి. వరస 0011.

రెండో విద్యార్థి x − 2 = 12, x − 3 = 12 అని రాసి 14, 15 అన్నాడు. కూడికలు ఒప్పే. కానీ వర్గ సమీకరణం ఇక్కడ మాయమైపోయింది. మిగిలింది రెండు చిన్న కూడికలు. దీనికి కొనసాగింపు మార్కు ఇస్తే లెక్క పెట్టిందే దండగ. 0000.

మూడో విద్యార్థి విస్తరించనే లేదు. ఎడమ పక్షంలో కారణాంకాలు ఉన్నాయి కాబట్టి x = 2, 3 అని ఒక్క లైన్‌లో తేల్చేశాడు. జవాబులు మొదటి విద్యార్థివే. కానీ విడగొట్టే పని అతను చేయలేదు, ప్రశ్నలోనే ఉన్నది ఎత్తి రాశాడు. దీనికీ 0000.

ఈ ముగ్గురినీ ఒకే నియమంతో తేల్చవచ్చు. తప్పు తర్వాత మిగిలిన పని, అసలు లెక్కలో మిగలాల్సిన పనంత ఉందా? ఉంటే కొనసాగింపు మార్కు ఇవ్వండి. తప్పు వల్ల పని తగ్గిపోతే ఇవ్వకండి. ఈ వాక్యాన్ని రూబ్రిక్ పైనే రాసుకోవాలి, లేకపోతే ప్రతి జవాబు దగ్గరా మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. మాటల లెక్కల్లో ఇంకొకటి చేర్చండి. మనుషుల సంఖ్య 3.7 అనో, పొడవు −5 అనో వస్తే, ముందు తప్పు వెంట వచ్చిందే అయినా చివరి ఫలితం మార్కు ఇవ్వకూడదు. అక్కడ జవాబు కుదరదని గమనించడం కూడా లెక్కలో భాగమే.

## ముందే తేల్చుకోవాల్సిన చిన్న సంగతులు

పని ఏమీ చూపకుండా x = 2 అని మాత్రమే రాస్తే ఎంత? ప్రశ్నలో 'మెట్లు చూపండి' అని అచ్చు వేసి ఉంటే, ప ఉంటేనే ఫ అన్న నియమానికి మినహాయింపుగా, ఫ2 ఒక్కటే. లేకపోతే నాలుగూ ఇవ్వాలి, అడగనిదాన్ని చూపలేదని మార్కు తీయడం న్యాయం కాదు. కాబట్టి మెట్లు కావాలంటే ప్రశ్నపత్రం మీదే అడగండి. కొందరు విలువలు వేసి చూసి, x = 2 పెడితే రెండు పక్షాలూ 1 అవుతాయని చూపిస్తారు. మన సరళ సమీకరణానికి మూలం ఒక్కటే కాబట్టి, ఏ పద్ధతిలో చేయాలో ప్రశ్న అడగనంతవరకూ అది పూర్తి జవాబే. వర్గ సమీకరణంలో అలా ఒక మూలం పట్టుకుంటే రెండోది మిగిలిపోతుంది, అక్కడ పూర్తి మార్కులు కుదరవు.

ప్రశ్ననే తప్పుగా ఎక్కించుకుని, 4x − 7కు బదులు 4x + 7 రాసి, 6 = 10x నుంచి 0.6 తెచ్చినవాళ్లకు లెక్క బరువేమీ తగ్గలేదు. ఒక్క మార్కు తీస్తే చాలు, ఫ2 తీసేయండి. కొట్టేసిన పనిని చూడకండి. రెండు జవాబులూ కొట్టేయకుండా వదిలితే చివరిది దిద్దండి. '20 = 10x = 2' లాంటి రాతలకు ఈ వర్క్‌షీట్‌లో మార్కు తీయకుండా పక్కన గుర్తు పెట్టి చెప్పండి. సమాన గుర్తు వాడకమే పాఠమైన రోజు దానికి వేరే మార్కు పెట్టుకోవచ్చు.

అర మార్కులు వద్దు. అర మార్కు ఎప్పుడూ 'ఇవ్వాలా వద్దా' అన్న సందేహానికి పెట్టే ముడుపే అవుతుంది, ఆ సందేహం రోజుకో రకంగా తీరుతుంది. ఇంకా సన్నగా తేడా చూపాలంటే ఇంకో నిర్ణయాన్ని గుర్తించి, మొత్తం మార్కులు పెంచండి.

## ఏది ఎప్పుడు

మార్కులు రికార్డులోకి ఎక్కే పరీక్షకూ, ఇద్దరు ముగ్గురు కలిసి దిద్దే పేపర్లకూ పద్ధతి, ఫలితం మార్కులే తీసుకోండి. రూబ్రిక్ రాయడానికి లెక్కకు కొంత సమయం పడుతుంది, కానీ దిద్దేటప్పుడు ఆగి ఆలోచించడం తగ్గుతుంది కాబట్టి ఆ సమయం తిరిగి వస్తుంది. రోజూ ఇచ్చే పది లెక్కల షీట్‌కు ఇంత వివరం మోత అవుతుంది, అక్కడ మూడు స్థాయిలు చాలు. ఒకే రకం లెక్కలు పది ఉంటే వాటిలో రెండింటిని మాత్రం ప, ఫలతో దిద్ది, మిగతావి మూడు స్థాయిల్లో వేయవచ్చు. సమీకరణం రాయడమే కష్టమైన మాటల లెక్కల్లో, ఆ రాసే భాగానికి నమూనాలతో స్థాయిలు పెట్టి, సాధించే భాగానికి ప, ఫ పెడితే రెండిటి మంచీ దక్కుతుంది.

## రూబ్రిక్ రాశాక అది నిలవాలంటే

రూబ్రిక్ ఎంత బాగా రాసినా విద్యార్థులు మనం ఊహించనిది రాస్తారు. అందుకని దిద్దడం మొదలుపెట్టే ముందు కట్టలోంచి ఆరేడు పేపర్లు అక్కడొకటి ఇక్కడొకటి తీసి, పెన్సిల్‌తో దిద్ది చూడండి. ఇరుక్కున్న ప్రతి చోటా రూబ్రిక్‌లో ఒక వాక్యం చేర్చండి. అప్పుడే పెన్ను పట్టుకోండి.

తర్వాత ఒక విద్యార్థి పేపర్ మొత్తం కాకుండా, అందరి మొదటి లెక్కా దిద్ది, ఆ తర్వాత అందరి రెండో లెక్కా దిద్దండి. ఒకే లెక్క వరసగా చూస్తుంటే రూబ్రిక్ తలలో తాజాగా ఉంటుంది. పైగా మొదటి లెక్క బాగా చేసినవాళ్ల రెండో లెక్కను మెత్తగా చూసే అలవాటు తగ్గుతుంది. పేర్లు కనపడకుండా మడిస్తే ఇంకా మంచిది. రెండో లెక్కకు వెళ్లేటప్పుడు కట్టను కలపండి, లేకపోతే అలసిపోయిన దిద్దుబాటు ప్రతిసారీ అడుగునున్న వాళ్లకే తగులుతుంది.

మధ్యలో కొత్త రకం జవాబు వస్తే నిర్ణయం తీసుకుని, వెంటనే ఒక కాగితం మీద రాయండి: 'బ్రాకెట్‌లో మొదటి పదాన్నే గుణించారు, 5 − 6x − 4: ప1 లేదు, ఫ1 లేదు' అని. అలాంటిదే మళ్లీ వస్తే జ్ఞాపకం మీద ఆధారపడకుండా కాగితం చూడండి. నిర్ణయం మార్చుకోవాల్సి వస్తే మార్చుకోవచ్చు, కానీ అప్పటికే దిద్దిన వాటిలో అలాంటివి వెతికి అవీ మార్చాలి. అంత ఓపిక లేకపోతే పాత నిర్ణయమే ఉంచి, తర్వాతి వర్క్‌షీట్‌కు మార్చండి.

మన దిద్దుబాటు జారిందో లేదో తెలుసుకోవడానికి అంతా అయ్యాక మొదట దిద్దిన ఐదు పేపర్లు తీసి, పాత మార్కులు కప్పేసి మళ్లీ దిద్దండి. అంకెల వరసలు కలిస్తే సరే. ఒకే చోట, అంటే ప్రతిసారీ ప2 దగ్గరే తేడా వస్తుంటే, ఆ వాక్యం గట్టిగా లేదని అర్థం. దాన్ని తిరిగి రాసి, ఆ ఒక్క మార్కు వరకు అందరివీ మళ్లీ చూడాలి. ఇలాంటప్పుడు మొత్తం మార్కుల కన్నా వరసలు ఎంతో మేలు, ఏ మార్కును వెతకాలో అవే చెబుతాయి.

ఇద్దరు దిద్దుతున్నప్పుడు కూడా మొత్తాలు పోల్చి తృప్తి పడకండి. ఒకరు ఆకి 0011 వేసి, ఇంకొకరు '3తో అయినా రెండు పదాలనూ గుణించారు కదా' అని ప1 ఇచ్చి, చివరి జవాబు తప్పని ఫ2 తీసేసి 1010 వేయవచ్చు. ఇద్దరిదీ రెండే. పైకి ఒప్పందంలా కనిపిస్తుంది, కానీ ఒకరికి కొనసాగింపు మార్కు ఉంది, ఇంకొకరికి లేదు. తర్వాతి జవాబులోనే అది బయటపడుతుంది. రెండోవారు అకి 1010 వేస్తారు, మొదటివారు 1011 వేస్తారు. కాబట్టి మొదలుపెట్టే ముందు ఒకే పది జవాబులు ఇద్దరూ విడివిడిగా దిద్ది, అంకెల వరసలు ఒక్కొక్క అంకె చొప్పున కలిపి చూసుకోండి. కలవని చోట ఎవరిది ఒప్పు అని వాదించుకునే బదులు, ఇద్దరూ ఒకేలా చదివేలా ఆ వాక్యాన్ని తిరగరాయండి. ఇక్కడైతే ప1 వాక్యంలో 'గుణకం −2 కాకపోతే ఈ మార్కు లేదు' అని చేర్చితే ఆ తగువు తీరుతుంది.